165 హెర్ట్జ్ మానిటర్‌తో రెండేళ్లు: పెట్టె మీది వేగం తెర మీదికి వచ్చిన తీరు

విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంట్లో రెండేళ్లకు పైగా వాడుతున్న 27 అంగుళాల గేమింగ్ మానిటర్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. దాని రిజల్యూషన్ 2560×1440, పెట్టె మీద ముద్రించిన రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపిస్తుందో చెప్పే అంకె, 165 హెర్ట్జ్. రంగులు బాగున్నాయి, స్టాండు కదలకుండా నిలబడుతుంది, మధ్యాహ్నం కిటికీ తెరిచి ఉన్నా తెర స్పష్టంగానే కనిపిస్తుంది. వీటి గురించి ఇంతకుమించి చెప్పవలసింది లేదు. చెప్పవలసినదంతా ఆ 165 అనే అంకె గురించే, ఎందుకంటే కొన్న తరువాత మొదటి నాలుగు నెలలూ ఈ మానిటర్ 60 హెర్ట్జ్ మీదే నడిచింది, ఆ సంగతి నాకు తెలియలేదు.

దుకాణం నుంచి వచ్చిన కుర్రవాడు పెట్టెలో ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు తగిలించి, బొమ్మ రాగానే వెళ్లిపోయాడు. బొమ్మ వచ్చింది కనుక అంతా సరిగానే ఉందని నేనూ అనుకున్నాను. సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా మేనల్లుడు మౌస్‌ను తెర మీద ఒక మూల నుంచి మరో మూలకు రెండు సార్లు వేగంగా తిప్పి చూసి, "మావయ్యా, బాణం ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. ఇది 165 కాదు, ఒకసారి సెట్టింగ్స్ చూడు" అన్నాడు. 60 హెర్ట్జ్ వద్ద తెర 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే కొత్త బొమ్మ చూపిస్తుంది. ఆ వ్యవధిలో వేగంగా కదిలే బాణం చాలా దూరం వెళ్లిపోతుంది కాబట్టి, దాని దారిలో బాణాల మధ్య ఖాళీలు పెద్దవిగా కనిపిస్తాయి. 165 వద్ద ఆ వ్యవధి 6 మిల్లీసెకన్లకు తగ్గుతుంది, ఖాళీలు దగ్గరపడతాయి. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా కంటితో చేయగలిగిన పరీక్ష ఇది.

విండోస్ 11లో Settings > System > Display > Advanced display అనే చోటికి వెళ్లి చూస్తే, Choose a refresh rate ఎదురుగా 60 అనే ఉంది. జాబితా తెరిచి, అందులో అన్నింటికన్నా పెద్దదైన 144ను ఎంచుకున్నాను. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వచ్చి, మార్పును ఉంచమంటారా అని అడిగింది. ఉంచమన్నాను. ఆ ఒక్క మార్పుతోనే నాలుగు నెలలుగా నా ముందున్న తెర మరొక తెరలా అనిపించింది, పొడవైన పేజీని పైకి లాగేటప్పుడు కూడా అక్షరాలు చెదరకుండా కదిలాయి. అయితే ఆ జాబితాలో 165 లేకపోవడం నన్ను కలవరపెట్టింది, అందుకని కారణం వెతికాను.

కారణం లెక్కలో ఉంది. 2560ను 1440తో గుణిస్తే ఒక్కో బొమ్మకు దాదాపు 36.9 లక్షల బిందువులు వస్తాయి. ఒక్కో బిందువు రంగుకు 24 బిట్లు కావాలి. సెకనుకు 165 బొమ్మలు పంపాలంటే ఇది 14.6 గిగాబిట్లు అవుతుంది, బొమ్మకూ బొమ్మకూ మధ్య విడిచే ఖాళీ సమయం దీనికి అదనం. నా మానిటర్‌కున్న హెచ్‌డీఎంఐ పోర్టు 2.0 రకానిది. దాని సామర్థ్యాన్ని 18 గిగాబిట్లుగా చెబుతారు కానీ, సంకేతాన్ని పంపే పద్ధతికి పోయేది తీసివేస్తే బొమ్మకు మిగిలేది 14.4 మాత్రమే. అంటే 165 వెంట్రుకవాసిలో అందకుండా పోతుంది, 144 ఇమిడిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే బొమ్మకు 17.28 గిగాబిట్లు ఇస్తుంది, అక్కడ 165కి చోటు ఉంది. మానిటర్ వెనుక రెండు పోర్టులూ పక్కపక్కనే ఉన్నా, పెట్టె మీది వేగం వాటిలో ఒక్కదానికే వర్తిస్తుందన్న మాట పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండవలసిందని నా అభిప్రాయం.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొని తగిలించిన తరువాత కూడా జాబితా 144 దగ్గరే ఆగింది. ఈసారి అడ్డు మానిటర్‌లోనే ఉంది. నా మానిటర్ తెరకు సహజ వేగం 144. 165 కావాలంటే కింద ఉన్న మీటతో మానిటర్ సొంత మెనూ తెరిచి, అందులో Overclock అనే దాన్ని On చేయాలి. అలా చేయగానే మానిటర్ ఒకసారి ఆగి మళ్లీ వెలిగింది, ఆ తరువాతే విండోస్ జాబితాలో 165 చేరింది. కొందరి తెరల మీద ఇది 164 పైన దశాంశాలతో కనిపిస్తుంది, అది లోపం కాదు.

165 పెట్టిన వారానికి కొత్త చిక్కు వచ్చింది. ఆట మధ్యలో తెర ఒకటి రెండు సెకన్లు పూర్తిగా నల్లబడి తిరిగి వచ్చేది. గ్రాఫిక్స్ కార్డు పాడైందేమోనని భయపడ్డాను. వేగాన్ని 120కి తగ్గించి రెండు రోజులు వాడితే ఒక్కసారి కూడా నల్లబడలేదు, 165కి పెంచగానే మళ్లీ మొదలైంది. తక్కువ వేగంలో నిలిచి, ఎక్కువ వేగంలో తెగిపోతోందంటే ముందుగా అనుమానించవలసింది కేబుల్‌నే. నేను కొన్నది చవకరకం, మూడు మీటర్ల పొడవు. దాని బదులు రెండు మీటర్ల లోపు ఉన్న, డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాలను నిర్ణయించే వెసా సంస్థ ధ్రువీకరణ గల కేబుల్ తెచ్చి వేసిన తరువాత ఈనాటి వరకు ఆ చిక్కు తిరిగి రాలేదు.

డిస్‌ప్లేపోర్ట్ లేని ల్యాప్‌టాప్ వాడేవారు హెచ్‌డీఎంఐ మీద 144తోనే ఉండిపోవలసి వస్తే అందుకు బాధపడనవసరం లేదు. 60 నుంచి 144కు వెళ్తే బొమ్మకూ బొమ్మకూ మధ్య దాదాపు 10 మిల్లీసెకన్లు తగ్గుతాయి, 144 నుంచి 165కు వెళ్తే తగ్గేది ఒక మిల్లీసెకను కన్నా తక్కువ. మొదటి తేడాను మా అమ్మ కూడా గుర్తుపట్టింది. రెండవదాన్ని నేను ప్రయత్నించినా కచ్చితంగా చెప్పలేకపోయాను.

ఇక ఆటల సంగతి. విండోస్‌లో 165 పెట్టినా, పూర్తి తెరను తన ఆధీనంలోకి తీసుకునే ఆట తనకు తోచిన వేగాన్ని పెట్టుకోవచ్చు. నా దగ్గరున్న ఒక పాత కారు రేసింగ్ ఆట ప్రతిసారీ తెరను 60కి దించేసేది, ఆ ఆట వీడియో సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు విడిగా ఉందని ఆలస్యంగా తెలిసింది. అందువల్ల డెస్క్‌టాప్ మీద చూసిన అంకెను నమ్మి ఊరుకోకుండా, ఆట నడుస్తుండగా మానిటర్ మెనూలోని సమాచార పుటను తెరిచి చూడాలి. తెరకు నిజంగా అందుతున్న వేగాన్ని అది చూపిస్తుంది. అక్కడ 165 ఉండి కూడా కదలిక మందంగా అనిపిస్తే, గ్రాఫిక్స్ కార్డు సెకనుకు ఎన్ని ఫ్రేములు తయారుచేస్తోందో చూడాలి. నా కార్డు కొత్త ఆటల్లో 70 దాటడం లేదు. అటువంటప్పుడు తెర పాత ఫ్రేమునే మళ్లీ మళ్లీ చూపిస్తుంది, మానిటర్ సెట్టింగ్ ఏదీ దాన్ని బాగుచేయలేదు. ఆటలోని నీడలు, ప్రతిబింబాల నాణ్యతను తగ్గించిన తరువాత నాకు 110 దాకా వచ్చింది.

ఈ రెండేళ్లలో గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసిన తరువాత రెండుసార్లు రిఫ్రెష్ రేటు తనంతట తానే 60కి పడిపోయింది. రెండుసార్లూ మౌస్ బాణమే నాకు ముందుగా చెప్పింది.