ఠ లో చుక్క మిగలాలంటే: చేతిరాత ఫోటో నుంచి కాగితాన్ని తీసేయడానికి మూడేళ్లుగా గింప్ వాడాక

మూడేళ్లలో రెండు చేతిరాత ఫాంట్లు చేశాను. మొదటిది నా రాత, రెండోది మా పెద్దమ్మది. ఫాంట్ అంటే అక్షరాలు గీయడమూ, గుణింతాలూ ఒత్తులూ సర్దడమూ అనుకుంటాం కానీ, నా సమయంలో సగం అంతకుముందు పనికే పోయింది. ఫోన్‌తో తీసిన ఫోటోలో కాగితం పోవాలి, సిరా గీతలు మాత్రం మిగలాలి. ఈ పనికి నేను ఫోటోలు సవరించే గింప్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అందులో నాకు ప్రాణం లేచి వచ్చినట్టు అనిపించింది ఒకే ఒక్క సదుపాయం, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మగా పరిచే లేయర్లకు ఉండే `Divide` మోడ్. ఇది ముఖ్యంగా దాని గురించే.

ముందు వేరేవి వాడాను. ఒక్క నొక్కుతో బ్యాక్‌గ్రౌండ్ తీసేసే ఫోన్ యాప్ ఒకటి ప్రయత్నించాను. మనిషి ఫోటోలకు అది బాగా పనిచేస్తుంది. చేతిరాతలో మాత్రం అక్షరం బయటి అంచు వెంబడి కత్తిరించి, సున్నా లోపల ఉన్న కాగితాన్ని అలాగే ఉంచేసింది. తెలుగులో సున్నా లేని అక్షరం వెతుక్కోవాలి, అందుకని దాన్ని అక్కడే వదిలేశాను. తర్వాత గింప్‌లోనే `Color to Alpha` పట్టుకున్నాను. తెల్లరంగును పారదర్శకం చేస్తుంది, చూడ్డానికి చక్కగా ఉంటుంది. ఇది చాలని నేనే కొందరికి చెప్పాను కూడా. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. గీత అంచుల్లో సగం సిరా, సగం కాగితంగా ఉండే పిక్సెళ్లను అది సగం పారదర్శకంగా మారుస్తుంది. పోస్టరుకైతే అదే కావాలి. ఫాంట్‌లో మాత్రం సగం అనే మాట లేదు, ఆ చోట సిరా ఉందా లేదా అన్నదే లెక్క. గీతల చుట్టూ రేఖలు గీసే ట్రేసింగ్‌కు కావలసింది పారదర్శకత కాదు, నికార్సైన నలుపూ తెలుపూ. ఇది తెలియక నా మొదటి ఫాంట్‌కు నెల రోజులు అదనంగా పట్టింది.

మరి నేరుగా `Threshold` పెట్టి నలుపు తెలుపు చేయొచ్చు కదా అంటే, ఫోటోలో వెలుతురు అంతటా ఒకేలా ఉండదు. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు అనే లెక్కలో కిటికీ వైపు కాగితం విలువ 220 ఉంటే, నా చేతి నీడ పడిన మూల 130 దగ్గర ఉంటుంది. కిటికీ వైపున్న సన్నని గీత కూడా ఒక్కోసారి 130 పైనే ఉంటుంది. అంటే ఒక మూల కాగితం ఇంకో మూల సిరా కంటే నల్లగా ఉంది. ఏ ఒక్క అంకె పెట్టినా నీడ మూల మొత్తం నల్లబడుతుంది, లేదంటే వెలుతురులో ఉన్న తలకట్లు మాయమవుతాయి. చాలా రాత్రులు ఆ స్లైడర్‌ను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.

`Divide` చేసే పని చాలా సులువు. ప్రతి చోటా ఉన్న విలువను, ఆ చోట ఉట్టి కాగితం ఉంటే ఎంత ఉండేదో దానితో భాగిస్తుంది. వెలుతురులో కాగితం 220, సిరా 88 అనుకుందాం. భాగిస్తే 0.4. నీడలో కాగితం 130, సిరా 52. అదీ 0.4. కాగితాన్ని కాగితంతో భాగిస్తే ఎక్కడైనా 1, అంటే తెలుపు. నీడ పోయింది, సిరా మిగిలింది. ఇక పేజీ మొత్తానికీ ఒకే `Threshold` సరిపోతుంది. నా పేజీల్లో అది 190 దగ్గర కుదిరింది.

చిక్కంతా ఆ ఉట్టి కాగితం బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందన్నదే. అందరూ చెప్పే పద్ధతి, అదే ఫోటోకు ఇంకో కాపీ చేసి బాగా మసకబార్చడం. నేనూ అలాగే చేశాను. నా రాత సన్నని జెల్ పెన్నుది కాబట్టి బాగానే వచ్చింది. పెద్దమ్మ ఇంకు పెన్నుతో ఒత్తి రాస్తుంది. ఆవిడ పేజీకి అదే చేస్తే లావు గీతల నడుమ నలుపు తగ్గి, అక్షరాలు లోపల డొల్లగా కనిపించాయి. కారణం ఏమిటంటే, మసకబార్చినప్పుడు సిరా కూడా ఆ సగటులో కలిసిపోతుంది. దాంతో కాగితం అసలు కంటే నల్లగా ఉన్నట్టు లెక్క వస్తుంది, భాగించాక సిరా తేలిపోతుంది.

దీనికి మందు గింప్‌లోనే ఉంది. `Gaussian Blur` బదులు `Median Blur` వాడాలి, అందులో `Percentile` అనే మీట ఉంది. అది మామూలుగా 50 దగ్గర ఉంటుంది. నేను 85 పెట్టాను. ఆ ఫిల్టర్ సగటు తీయదు. చుట్టుపక్కల పిక్సెళ్లన్నిటినీ నలుపు నుంచి తెలుపుకు వరుసలో పేర్చి, తెలుపు కొసకు దగ్గర్లో ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఆ పరిధిలో కాగితం ఆరో వంతుకు మించి ఉంటే చాలు, సిరా లెక్కలోకే రాదు. పెద్దమ్మ గీత వెడల్పు ఫోటోలో 14 పిక్సెళ్లు, నేను `Radius` 40 పెట్టాను. వచ్చిన బొమ్మలో ఒక్క అక్షరం లేదు, కాగితమూ దాని మీది నీడా మాత్రమే ఉన్నాయి. మొదటిసారి అది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ బొమ్మ పై లేయర్‌గా, అసలు ఫోటో కింద లేయర్‌గా ఉంచి, పైదాని మోడ్‌ను `Divide` చేస్తే పని అయిపోయినట్టే. పెద్ద ఫోటోకు ఈ ఫిల్టర్ నెమ్మదిగా నడుస్తుంది, కాసేపు ఓపిక పట్టాలి.

సన్నని పెన్నుతో రాసిన పేజీలు చాలా ఉంటే ఒక్కొక్కటీ తెరవడం విసుగు. అలాంటప్పుడు, టైప్ చేసిన ఆదేశాలతో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌లో మసకబార్చే పద్ధతినే ఒక్క వరుస ఆదేశంతో పేజీ పేజీకీ నడిపిస్తాను. లావు గీతలకు మాత్రం ఇది వద్దు.

```
magick page.jpg -colorspace gray \( +clone -blur 0x40 \) -compose Divide_Src -composite page_clean.png
```

ఇక అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పాలి. పెద్దమ్మ రాసిన కాగితం కొంచెం గరుకుది. `Divide`, `Threshold` అయ్యాక అక్షరాల చుట్టూ ఇసుక చల్లినట్టు చిన్న చిన్న నల్ల మచ్చలు మిగిలాయి. బొమ్మను రేఖలుగా మార్చడానికి నేను వాడే ఇంక్‌స్కేప్‌లో `Trace Bitmap` చేసేటప్పుడు `Speckles` అనే అంకె ఉంటుంది. అంతకన్నా తక్కువ పిక్సెళ్లున్న మచ్చలను అది వదిలేస్తుంది. మామూలుగా 2 ఉండేదాన్ని నేను 150 చేశాను. పేజీ అద్దంలా వచ్చింది. ఆ సంతోషంలో అక్షరాలన్నీ ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్‌లోకి ఎక్కించి, ఫాంట్ తయారుచేసి, పెద్దమ్మ తన నోటుబుక్కులో రాసుకున్న ఒక పేజీని అదే ఫాంట్‌లో టైప్ చేసి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చదువుతూ మూడో వరుస దగ్గర ఆగింది. "ఏమ్మా, ఠ లో చుక్క పెట్టడం నేనెప్పుడైనా మర్చిపోయానా?" అంది. చూస్తే "పాఠం" అన్నచోట "పారం" ఉంది. కింద "కంఠం" కాస్తా "కంరం" అయింది.

నేను ఫాంట్‌నే అనుమానించాను. యూనికోడ్ సంఖ్య U+0C20 లో ఉండాల్సిన ఠ స్థానంలో పొరపాటున U+0C30 లోని ర పెట్టానేమో అనుకుని ఆ పెట్టెలన్నీ మళ్లీ చూశాను. తేడా ఏమీ లేదు, పైగా రెండు అక్షరాల వంపులూ వేరువేరుగా ఉన్నాయి. అంటే అది ర కాదు, చుక్క పోయిన ఠ. అప్పుడు అనుమానం వచ్చి "రథం" టైప్ చేశాను, "రధం" వచ్చింది. చుక్కతోనే తేడా తెలిసే అక్షరాలు రెండూ పోయాయి. వెనక్కి వెళ్లి చూస్తే గింప్ ఇచ్చిన బొమ్మలో రెండు చుక్కలూ నిక్షేపంగా ఉన్నాయి, ట్రేస్ చేసిన ఫైలులో లేవు.

లెక్క వేసి చూస్తే అంతా అర్థమైంది. A4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, నా ఫోటోలో అది దాదాపు 4000 పిక్సెళ్లు. అంటే మిల్లీమీటరుకు 19. పెద్దమ్మ పెట్టే చుక్క అడ్డంగా 0.6 మిల్లీమీటర్లు, అంటే 11 పిక్సెళ్లు. వైశాల్యం 95 పిక్సెళ్ల చుట్టుపక్కల. నేను 150 కంటే చిన్నవన్నీ వదిలేయమన్నాను. అది నేను చెప్పిన పనే చేసింది. ఇంక్‌స్కేప్‌లో ఈ ట్రేసింగ్ చేసే పోట్రేస్ అనే ప్రోగ్రాం నల్ల మచ్చలతోపాటు తెల్ల రంధ్రాలను కూడా అదే అంకెతో వదిలేస్తుంది. అందుకే కొన్ని ఒత్తుల్లో ఉండే చిన్న సున్నాలు కూడా పూడుకుపోయి ముద్దగా అయ్యాయి. అది ఆవిడ గమనించలేదు, నేను తర్వాత చూశాను.

ఇప్పుడు `Speckles` ను 5 దాటనివ్వను. ఇసుక మచ్చలను గింప్‌లోనే, అక్షరం పక్కన ఉన్నవాటిని తెల్ల బ్రష్‌తో చేత్తో తుడుస్తాను. పేజీకి పావుగంట పడుతుంది. తర్వాత రెండు పరీక్షలు పెడతాను. ట్రేస్ చేసినదాన్ని బొమ్మగా మార్చి, శుభ్రం చేసిన పేజీ మీద సరిగ్గా పరిచి, మోడ్ `Difference` చేస్తాను. రెండూ ఒకటే అయిన చోట నల్లగా ఉంటుంది. గీతల అంచుల్లో సన్నని మెరుపు కనిపించడం మామూలే. ఎక్కడైనా విడిగా తెల్ల చుక్క మెరిస్తే అక్కడ ఏదో పోయినట్టు. రెండో పరీక్ష, చుక్కలున్న అక్షరాలకు మాత్రమే. ఇంక్‌స్కేప్‌లో అక్షరాన్ని ఎంచుకుని `Break Apart` చేస్తే అది ఎన్ని ముక్కలో కింద కనిపిస్తుంది. తలకట్టు అతుక్కునే ఉన్న ఠ కు మూడు రావాలి, బయటి అంచు, లోపలి ఖాళీ, చుక్క. రెండే వస్తే నా చేతిలో ఉన్నది ర. చూశాక ఆ పనిని రద్దు చేసుకోవాలి, లేకపోతే లోపలి ఖాళీ కూడా నల్లగా నిండిపోతుంది.

`Divide` గురించి ఇంత చెప్పాను కాబట్టి, అది ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. కాగితం వెనక వైపు రాసిన సిరా ఇటు కనిపిస్తుంటే దాన్నీ సిరాగానే చూస్తుంది. నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటే అక్కడ ఒక బూడిద గీత మిగలొచ్చు, అందుకే నేను మబ్బుగా ఉన్న రోజున, కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫోటో తీస్తాను. రూళ్ల కాగితం మీది నీలి గీతలను కూడా అది తీయదు. రాత నల్ల సిరాతో ఉంటే నీలి ఛానెల్ ఒక్కటే తీసుకుంటే ఆ గీతలు చాలావరకు కాగితంలో కలిసిపోతాయి, ఆ తర్వాత భాగించాలి. రాత కూడా నీలి సిరాదే అయితే ఈ కిటుకు నడవదు. పెన్సిల్ రాతలో సిరాకూ కాగితానికీ ఉన్న తేడాయే తక్కువ కాబట్టి, భాగించినా గీతలు తెగిపోతూనే ఉన్నాయి.

ఇంట్లో మంచి స్కానర్ ఉన్నవాళ్లకు ఇదంతా అవసరం లేకపోవచ్చు, దాని వెలుతురు పేజీ అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది. నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది, రాసేవాళ్లు నల్ల ఇంకుతో తెల్ల కాగితం మీద రాయడానికి ఒప్పుకున్నారు, పేజీకి పావుగంట చేత్తో తుడిచే ఓపిక నాకుంది. ఈ మూడూ ఉన్నందువల్ల నాకు గింప్ కుదిరింది. పెద్దమ్మ ఫాంట్‌లో "పాఠం" ఇప్పుడు పాఠంగానే వస్తోంది. ఆవిడ పెన్సిల్‌తో రాసిన పాత పేజీలు కొన్ని నా దగ్గరే ఉన్నాయి, వాటిని మాత్రం స్కానర్ దొరికేదాకా ముట్టుకోను.