ఎరుపును హెచ్చించాలా, ఆకుపచ్చ నుంచి అరువు తేవాలా?

హనుమకొండలోని మా స్టూడియోకు అప్పుడప్పుడు అండమాన్ డైవింగ్ ఫోటోలు వస్తాయి. నీరు ముందుగా ఎరుపునే మింగేస్తుంది కాబట్టి అన్నీ నీలి ఆకుపచ్చే.

రంగులను సరిచేయడానికి మొదటి దారి గ్రే వరల్డ్, అంటే మూడు రంగుల సగటులనూ సమానం చేయడం. 0–1 కొలతలో ఎరుపు సగటు 0.05, ఆకుపచ్చ 0.45 అనుకుందాం. ఎరుపును 9 రెట్లు పెంచాలి. నాయిస్ కూడా అంతే పెరిగి నీడల్లో ఎర్రటి చుక్కలు లేస్తాయి.

రెండో దారిలో ముందు ఆకుపచ్చ నుంచి అరువు తెస్తారు:

```
R' = R + (Gm − Rm)(1 − R)G
```

R, G ఒక పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ. Rm, Gm ఫోటో మొత్తంలో వాటి సగటులు. R' కొత్త ఎరుపు. సగటు పిక్సెల్‌కు 0.05 + 0.40 × 0.95 × 0.45, అంటే సుమారు 0.22. ఆపైన గ్రే వరల్డ్‌కు దాదాపు రెండు రెట్లు చాలు, చుక్కల బెడద తగ్గుతుంది. లోతైన ఫోటోలకు నా ఓటు దీనికే. అయితే ఇది తిరిగొచ్చిన ఎరుపు కాదు, ఊహించినది. నిజంగా ఎర్రనైన పగడంలో ఆకుపచ్చ తక్కువ. అరువూ తక్కువే, అది నల్లగానే మిగలవచ్చు.

వెలుగు చెదరడం వల్ల కమ్మిన పొగమంచును రెండూ తొలగించవు. తరువాత స్థానిక కాంట్రాస్టు పెంచాలి, మితంగా. లేదంటే నీటిలో తేలే రేణువులన్నీ మెరుస్తాయి. లక్నవరం లాంటి చెరువులో నీరు బురదగా ఉన్నప్పుడు నీలం కూడా పోతుంది, దానికీ ఇదే అరువు పద్ధతి వాడతాను.