అదే పిల్లి మళ్లీ కావాలంటే: రెండేళ్లు వాడాక నా సమీక్ష

పిల్లల కథకు బొమ్మలు వేయడానికి రెండేళ్లుగా ఏఐ బొమ్మల టూల్స్ వాడుతున్నాను. కథలో ఒక బూడిద రంగు పిల్లి ఉంది. మెడలో నీలం మఫ్లర్, ఎడమ చెవి కొస చిరిగి ఉంటుంది. అన్ని పేజీల్లోనూ ఆ పిల్లే కనిపించాలి. ఆ ఒక్క అవసరమే నన్ను మూడు రకాల టూల్స్ చుట్టూ తిప్పింది.

మొదటిది మాటల నుంచి బొమ్మ, అంటే టెక్స్ట్ టు ఇమేజ్. దీనికి మన వాక్యం తప్ప వేరే ఆధారం ఉండదు. ఇసుక చల్లినట్టుండే నాయిస్‌తో మొదలుపెట్టి, ఒక్కో స్టెప్‌లో దాన్ని తగ్గిస్తూ బొమ్మ తేలుస్తుంది. కుర్చీలో కూర్చున్న నా మొదటి పిల్లి ఇలాగే దొరికింది. రెండో పేజీకి 'కిటికీ దగ్గర నిలబడి' అని మార్చానో లేదో, ఇంకో పిల్లి వచ్చేసింది. మొదటి నాయిస్ ఎలా ఉండాలో నిర్ణయించే Seed అంకె అదే ఉంచినా అంతే.

ఇక ఇమేజ్ టు ఇమేజ్. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, నేనూ పొరబడ్డాను. బొమ్మ ఇచ్చాం కదా, మన పిల్లిని గుర్తుపడుతుందనుకున్నాను. అది గుర్తుపట్టదు. మన బొమ్మ మీదే కొంత నాయిస్ చల్లి, అక్కడి నుంచి శుభ్రం చేసుకుంటూ వస్తుంది. ఎంత చల్లాలో Denoising strength చెబుతుంది. 30 స్టెప్స్‌కి 0.4 పెడితే దాదాపు చివరి 12 స్టెప్సే నడుస్తాయి. నేను 0.3 పెడితే పిల్లి కుర్చీలోంచి లేవలేదు. 0.55 దగ్గర కుర్చీ వీపు కిటికీ చట్రంలా మారబోయి మధ్యలో ఆగింది. 0.8కి పిల్లి కిటికీ దగ్గర చక్కగా నిలబడింది, కానీ చెవి చిరుగు మాయం! నాయిస్‌లో చిన్న వివరాలు ముందు మునిగిపోతాయి. ఏ రంగు ఏ మూల ఉందన్నదే చివరిదాకా నిలుస్తుంది. అందుకే రంగులు పూసిన చిత్తు బొమ్మను తీర్చిదిద్దడానికి ఇది భలే పనికొస్తుంది, పిల్లిని లేపి నిలబెట్టడానికి కాదు.

మూడోది రిఫరెన్స్ చూసి చేసేది. నేను వాడే దాంట్లో కొత్త బొమ్మ మళ్లీ పూర్తి నాయిస్ నుంచే మొదలవుతుంది, మన బొమ్మ మాత్రం పక్కన నమూనాగా ఉంటుంది. 'ఈ పిల్లినే కిటికీ దగ్గర నిలబెట్టు' అంటే భంగిమ మారింది, మఫ్లరూ చెవీ అలాగే ఉన్నాయి.

దీనితోనూ ఒకసారి దెబ్బతిన్నాను. వచ్చిన బొమ్మనే మళ్లీ నమూనాగా ఇస్తూ పోతే ఆరో పేజీకి మూతి సన్నబడింది, మఫ్లర్ ఆకుపచ్చకు తిరిగింది. పక్కపక్క పేజీలు చూస్తే తెలియలేదు, ఒకటినీ ఆరునూ పక్కన పెడితే తెలిసింది. ఇప్పుడు ప్రతి పేజీకీ ఆ మొదటి పిల్లినే ఇస్తున్నాను. అయినా అప్పుడప్పుడు చిరుగు కుడి చెవికి మారుతుంది. అప్పుడు చెవులు మాత్రమే మళ్లీ గీసేలా వాటి వరకే మాస్క్ వేసి సరిచేస్తాను.