రెండు కాలమ్‌ల రెజ్యూమే వదిలేసి రెండేళ్లు: ఒకే కాలమ్ వాడాక తెలిసినవి

రెండేళ్ల క్రితం దాకా నా రెజ్యూమే చూడటానికి ముచ్చటగా ఉండేది. ఎడమవైపు ముదురు నీలం పట్టీ, అందులో ఫోన్ నంబరు, ఈమెయిలు, నైపుణ్యాలు. కుడివైపు చేసిన ఉద్యోగాలు. అంతా ఒక్క పేజీలో ఇమిడిపోయేది. ఒకసారి ఓ కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెడదామని ఆ పీడీఎఫ్ ఎక్కించాను. కింద ఫారం దానంతటదే నిండింది. హోదా అన్న గడిలో `Excel Senior Accountant` అని కనబడింది. చేరిన తేదీ ఖాళీ. కంపెనీ పేరు గడిలో `Audit Company A` (అసలు పేరు ఇక్కడ మార్చాను). నేను అలాంటి ఉద్యోగమూ చేయలేదు, అలాంటి కంపెనీలోనూ పనిచేయలేదు.

ఆ ఫారాన్ని చేత్తో సరిచేసి పంపేశాను. కానీ అలా నింపి చూపించని సైట్లకు అంతకుముందు ఎన్ని పంపానో గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడ నా వివరాలు ఎలా నమోదయ్యాయో చూసే దారే లేదు కదా.

ఎందుకలా జరిగిందో వెతికితే కారణం చాలా మామూలుదే. పీడీఎఫ్ ఫైల్లో సాధారణంగా కాలమ్ అనే వస్తువు ఉండదు. ఫలానా అక్షరాలు పేజీలో ఫలానా చోట అని మాత్రమే ఉంటుంది. ఎడమ పట్టీ వేరు, కుడి భాగం వేరు అని మన కంటికి తెలుస్తుంది. కంపెనీలు వచ్చిన దరఖాస్తులను నమోదు చేసి దాచుకునే సాఫ్ట్‌వేర్‌ను ఏటీఎస్ అంటారు, అందులో రెజ్యూమే చదివే భాగాన్ని పార్సర్ అంటారు. అది ఆ సంగతి ఊహించుకోవాల్సిందే. పీడీఎఫ్‌లోని అక్షరాలను పేజీలో కనబడే అమరికలోనే బయటికి తీసే ఈ కమాండ్‌ను నా పాత ఫైలు మీద నడిపితే గుట్టు బయటపడింది:

```
pdftotext -layout resume.pdf -
```

వచ్చింది ఇది:

```
S K I L L S    My Journey
Excel          Senior Accountant
Payroll        Mar 2019 - Jun 2022
Audit          Company A
```

ఒక్కో వరుసను ఎడమ నుంచి కుడికి చదివేసుకుంటూ పోయే పార్సర్‌కు మధ్యలో ఉన్న ఖాళీ ఒట్టి ఖాళీయే. అందుకే ఎక్సెల్ పోయి నా హోదాకు అతుక్కుంది. పేరోల్ పోయి తేదీకి అడ్డం పడింది. తమాషా ఏమిటంటే, అదే కమాండ్‌ను `-layout` లేకుండా నడిపితే నైపుణ్యాలన్నీ ఒకచోట, ఉద్యోగాలన్నీ ఒకచోట చక్కగా వచ్చాయి. అంటే కొన్ని పార్సర్ల ఊహ సరిగ్గా తగులుతుంది, కొన్నిటిది తప్పుతుంది. మనం పంపే చోట ఏది ఉందో మనకు తెలియదు. ఒకే కాలమ్ చేసే మేలల్లా ఇదే: ఊహించాల్సిన పని లేకుండా చేస్తుంది. ఏ పద్ధతిలో చదివినా పైనుంచి కిందికి ఒకే వరస.

మార్చడం మాత్రం మొదటిసారి కుదరలేదు. వర్డ్‌లో కొత్త ఫైలు తెరిచి, నీలం పట్టీ తీసేసి, ఇక అయిపోయిందనుకున్నాను. కానీ పేరు, ఫోన్ నంబరు అందంగా ఉంటాయని పేజీ హెడర్‌లో పెట్టాను. తేదీలు కుడి అంచున నిలబడాలని గీతలు కనబడని టేబుల్ వేసి, ఎడమ గడిలో ఉద్యోగాలు, కుడి గడిలో తేదీలు రాశాను. కంటికి ఒకే కాలమ్. ఇంకో సైట్‌లో ఎక్కిస్తే ఉద్యోగాలన్నీ తేదీల్లేకుండా వచ్చాయి, పేరు గడి ఖాళీ!

పేరు ఎందుకు పోయిందో చూడటం తేలికే. డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర `.docx` బదులు `.zip` అని మార్చి విప్పితే, అసలు విషయం `word/document.xml` లోనూ, హెడర్‌లో రాసింది `word/header1.xml` లాంటి వేరే ఫైల్లోనూ ఉంటాయి. మొదటిదాన్ని మాత్రమే చదివే పార్సర్‌కు నా పేరు లేనట్టే. టెక్స్ట్ బాక్స్‌ది ఇంకో చిక్కు. అది అసలు ఫైల్లోనే ఉన్నా మామూలు పేరాల వరసలో ఉండదు. కొన్ని పార్సర్లు దాన్ని దాటేస్తాయి. ఇక టేబుల్‌ను గడి తర్వాత గడిగా చదివితే, ఎడమ గడిలోని ఉద్యోగాలన్నీ అయ్యాకే కుడి గడిలోని తేదీలన్నీ వస్తాయి. ఏ తేదీ ఏ ఉద్యోగానిదో తెలిసే ఆధారం ఉండదు.

రెండోసారి పేరు, ఫోన్, ఈమెయిలు పేజీలోనే మొదటి వరుసల్లో మామూలు పేరాలుగా రాశాను. టేబుల్ తీసేసి, హోదా రాసిన వరుసలోనే కుడి అంచుకు ట్యాబ్ స్టాప్ పెట్టి తేదీ రాశాను. చూపుకు మునుపటిలాగే ఉంది, కానీ ఫైల్లో ఆ రెండూ ఇప్పుడు ఒకే పేరా. స్పేస్ బార్ నొక్కుతూ తేదీని అంచుకు తోసే అలవాటున్నవాళ్లు అది మానేయాలి. ఫాంట్ మారిందంటే వరసలన్నీ వంకర పోతాయి.

ఇంకొన్ని చిల్లర మార్పులు. ఫోన్ బొమ్మ తీసేశాను, కాపీ చేస్తే నంబరు ముందు ఏదో డబ్బా గుర్తు వచ్చేది. `S K I L L S` అని విడివిడిగా కొట్టిన శీర్షికను `Skills` చేశాను. నైపుణ్యం పక్కన నాలుగు చుక్కలు నింపి ఒకటి వదిలేసే బొమ్మలు టెక్స్ట్‌లోకి రానే రావు. వచ్చినా ఐదింట నాలుగు ఎక్సెల్ అంటే ఏమిటో నాకే తెలియదు. `My Journey` అన్న శీర్షికను కూడా `Work Experience` చేశాను. కొంచెం బాధేసింది.

ఇప్పుడు ప్రతిసారీ పంపేముందు ఒక పరీక్ష చేస్తాను. పీడీఎఫ్ తెరిచి, మొత్తం ఎంపిక చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తాను. పేరు మొదట వచ్చిందా, ప్రతి హోదా పక్కన దాని తేదీయే ఉందా, ఏ నైపుణ్యమైనా వాక్యం మధ్యలో దూరిందా అని చూస్తాను. అతికించడానికి ఏమీ రాకపోతే ఆ పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాలు కాదు, బొమ్మ. ఈ పరీక్షకు ఒక లోటుంది. మన పీడీఎఫ్ రీడర్ సరిగ్గా ఊహించి, అవతలి పార్సర్ తప్పొచ్చు. కాబట్టి రెండు కాలమ్‌ల ఫైలు ఇందులో నెగ్గినా నేను నమ్మను.

రెండేళ్లలో లాభం ఏమిటంటే, ఫారాలు చాలావరకు సరిగ్గా నిండుతున్నాయి, సరిచేయడానికి పట్టే సమయం బాగా తగ్గింది. దీనివల్లే ఇంటర్వ్యూ పిలుపులు పెరిగాయని మాత్రం చెప్పలేను. ఈ రెండేళ్లలో నా అనుభవమూ పెరిగింది, దేన్ని దేనికి ముడిపెట్టాలి? పేజీ తీరు చూసి సాఫ్ట్‌వేర్ రెజ్యూమేను చెత్తబుట్టలో పడేస్తుందన్న భయం కూడా ఎక్కువే అనిపిస్తుంది. వివరాలు తప్పు గడిలో పడితే, నియామకాలు చూసేవాళ్లు హోదా పేరుతో వెతికినప్పుడు మనం కనబడకపోవడమే అసలు నష్టం.

నష్టాలు లేకపోలేదు. ఒక పేజీ ఒకటిన్నర అయింది. పాత పనుల వివరాలు కోసేయాల్సి వచ్చింది. మనిషి చేతికి నేరుగా ఇచ్చేటప్పుడు ఇది చప్పగా కనబడుతుంది, అలాంటి చోటికి ఇప్పటికీ పాత నీలం పట్టీదే తీసుకెళ్తాను.

ఒకే కాలమ్‌తో కూడా తీరని గొడవ ఒకటి మిగిలింది. ఒకే కంపెనీలో నాకు రెండు హోదాలు. కంపెనీ పేరు ఒకసారి పైన రాసి, కింద రెండు హోదాలు ఇస్తే రెండోదానికి కంపెనీ గడి ఖాళీగా వస్తోంది. ఇప్పుడు ప్రతి హోదా కిందా కంపెనీ పేరు మళ్లీ రాస్తున్నాను. చదివేవాళ్లకు చాదస్తంగా ఉంటుంది, ఫారం మాత్రం సరిగ్గా నిండుతోంది.