నష్టం ఒకేసారి వచ్చిందా, నెలనెలా వచ్చిందా? వడ్డీ లెక్కలో తేడా

ప్రమాదం జరిగిన మూడేళ్లకు తీర్పు వచ్చిందనుకుందాం. కోర్టు నష్టపరిహారం మీద ఏడాదికి 6 శాతం సాధారణ వడ్డీ ఇచ్చింది.

బాధితుడు మొదటి రోజే వాహనం రిపేరుకు 3,60,000 కట్టాడు. ఆ డబ్బు మూడేళ్లూ అతని చేతిలో లేదు కాబట్టి వడ్డీ 64,800. ఇందులో పేచీ ఏమీ లేదు.

ఇప్పుడు అదే 3,60,000 జీతం రూపంలో పోయిందనుకోండి: నెలకు 10,000 చొప్పున 36 నెలలు. చాలామంది దీనికీ ప్రమాదం రోజు నుంచే వడ్డీ అడుగుతారు. కానీ చివరి నెల జీతం పోయింది తీర్పుకు కాస్త ముందే. దాని మీద మూడేళ్ల వడ్డీ ఎలా వస్తుంది? నెలాఖరు జీతంగా ఏ నెలకు ఆ నెల లెక్కిస్తే వడ్డీ 31,500. అంత ఓపిక లేకపోతే మొత్తం మీద సగం కాలానికి, అంటే ఏడాదిన్నరకు వేస్తారు: 32,400. తేడా స్వల్పం, నా ఓటు దీనికే.

అయితే నష్టం సమానంగా సాగినప్పుడే ఈ అడ్డదారి పనిచేస్తుంది. ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే పోతే బాధితుడికి అన్యాయం జరుగుతుంది. అప్పుడు తేదీలవారీ పట్టిక వేయాల్సిందే. ఇదే తర్కంతో చూస్తే, తీర్పు తర్వాత పోబోయే జీతం మీద మాత్రం వెనకటి వడ్డీ ఉండకూడదు.