కదిలే పట్టీలకు మందు, నిలబడ్డ పట్టీలకు కాదు: Deflickerతో మూడేళ్ళు

కావలిలో పెళ్ళి వీడియోలు తీస్తుంటాను. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు డావిన్చి రిజాల్వ్ స్టూడియోలో, వెలుగు మినుకును తీసేసే Deflicker అనే ఎఫెక్టును మూడేళ్ళుగా వాడుతున్నాను. ఉచిత వెర్షన్‌లో వాడితే బొమ్మ మీద వాటర్‌మార్కు పడుతుంది. నిజం చెప్పాలంటే ఈ ఒక్కదాని కోసమే డబ్బు పెట్టి స్టూడియో కొన్నాను. మొదటి ఏడాది కనపడ్డ ప్రతి కెమెరావాడికీ కొనమని చెప్పాను. ఇప్పుడు మాత్రం, నువ్వు సెకనుకు ఎన్ని ఫ్రేముల్లో తీస్తావు అని ముందు అడుగుతున్నాను.

నన్ను పడేసింది తలంబ్రాల స్లో మోషన్. బియ్యం గింజలు గాల్లో తేలుతూ పడాలని అందరూ అడుగుతారు, 120 ఫ్రేముల్లో తీస్తాం. మన ఊళ్ళలో కల్యాణ మండపాల్లో ఇంకా పాత చోక్ ట్యూబ్‌లైట్లు చాలా ఉన్నాయి. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, అంటే ఒక్కో అలకు 10 మిల్లీసెకన్లు. 120 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకు దొరికేది 8.3 మిల్లీసెకన్లే. షట్టరు ఎంత తెరిచినా ఒక అల పూర్తిగా పట్టదు. కెమెరా బొమ్మను పైనుంచి కిందికి వరుసవరుసగా తీసుకుంటుంది, అందుకని బొమ్మ మీద అడ్డంగా చీకటి పట్టీలు పడి, ఫ్రేము ఫ్రేముకూ గెంతుతుంటాయి. ప్రతి ఆరో ఫ్రేముకు మళ్ళీ మొదటి చోటికే వస్తాయి.

అలాంటి క్లిప్పు మీద Deflicker వేసి, మెనూలో Fluoro Light ఎంచుకుంటే అంతే. మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక ఎఫెక్టు తీసి, వేసి, మళ్ళీ తీసి చూశాను. గోడ గోడలా ఉంది, మొహాలు మొహాల్లా ఉన్నాయి. పక్క ఫ్రేములతో పోల్చి, ఒకే చోట వెలుగు ఊరికే ఎగిరి పడుతుంటే దాన్ని సమం చేస్తుంది. పట్టీ ఈ ఫ్రేములో ఇక్కడ, తర్వాతి ఫ్రేములో అక్కడ ఉంది కాబట్టి దానికి పని సులువు. బంధువులు ఫోనులో 30 ఫ్రేముల్లో తీసి పంపే క్లిప్పులూ ఇంతే. వాటిలో పట్టీ మూడు ఫ్రేములకోసారి తిరిగి వస్తుంది.

ఇక ఒంగోలు రిసెప్షన్ సంగతి.

మధ్యాహ్నం ఎండలో జంటను బయట తీసేటప్పుడు మా కుర్రాడు రెండో కెమెరా షట్టరు 1/250కి పెట్టాడు. సాయంత్రం హాల్లోకి వచ్చాక దాన్ని 1/50కి దించాలి. మరిచిపోయాడు. ఐఎస్‌ఓ ఆటోలో ఉండటంతో చీకటిగా కూడా కనపడలేదు. నేనూ చూసుకోలేదు, కాబట్టి తప్పు వాడిదొక్కడిదే కాదు. చిన్న స్క్రీను మీద ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చి మానిటరు మీద వేస్తే మొత్తం రెండు గంటల ఫుటేజిలో రెండు గోధుమరంగు పట్టీలు, ఒకటి పెళ్ళికూతురి నుదుటి దగ్గర, ఇంకోటి నడుం దగ్గర.

నాకేమీ టెన్షన్ లేదు, Deflicker ఉంది కదా! వేశాను. ఏమీ మారలేదు. Fluoro Light తీసి Advanced Controls తెరిచాను, ఉన్న మీటలన్నీ తిప్పాను. జరీ మెరుపు పోయింది గానీ పట్టీలు పోలేదు. ఈలోగా నమూనాగా పంపిన నిమిషం క్లిప్పు చూసి పెళ్ళికూతురి తండ్రి ఫోను చేశాడు: "ఏందయ్యా, మా అమ్మాయి మొహం మీద ఆ నల్లగీత ఏంది? దిష్టి తగిలినట్టుంది." ఏం చెప్పాలో తోచక, ఇంకా పని పూర్తి కాలేదండీ అన్నాను.

రాత్రంతా కూర్చుని బాణం మీటతో ఒక్కో ఫ్రేమూ జరుపుతుంటే అప్పుడు వెలిగింది. ఈ కెమెరా 25 ఫ్రేముల్లో ఉంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 40 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా నాలుగు వెలుగు అలలు. ప్రతి ఫ్రేమూ అల ఒకే దశలో ఉండగా మొదలవుతోంది. అందుకని పట్టీ కదలటం లేదు. పక్క ఫ్రేములతో పోల్చి తేడా వెతికే ఎఫెక్టుకు అసలు తేడాయే లేదు! ఆ పట్టీ గోడ మీద వేసిన రంగనుకుంటుంది. దాన్ని తిట్టుకుని లాభం లేదు, దానికి ఆ పని చేతకాదు. ఇది మూడేళ్ళలో రెండో ఏడాది తెలిసింది నాకు. మొదటి ఏడాది పొగడ్తలన్నీ 30, 60, 120 ఫ్రేముల క్లిప్పుల వల్ల వచ్చినవే.

కాబట్టి నా పరీక్ష ఇదే. ఎఫెక్టు వేసే ముందే ఒక పది ఫ్రేములు ఒక్కొక్కటిగా జరపండి. పట్టీ గెంతితే వేయండి. నిలబడి ఉంటే వేయకండి, రెండర్ సమయం దండగ.

ఆ ఫుటేజిని ఎలా బాగుచేశానో కాస్త వివరంగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు మనుషులు అడ్డంలేని గోడ కనపడే ఒక ఫ్రేమును స్టిల్‌గా తీసి, ఫోటో సాఫ్ట్‌వేర్‌లో 90 డిగ్రీలు తిప్పి టైమ్‌లైన్‌లో పెట్టాను. పట్టీలు అడ్డంగా ఉన్నంతసేపు, వెలుగును గ్రాఫుగా చూపే వేవ్‌ఫామ్‌లో అవి తెలియవు. నిలువుగా తిప్పితే ఎక్కడ ఎంత లోతు గుంట పడిందో అలలా కనపడుతుంది. తర్వాత అసలు క్లిప్పులో ఒక్కో చీకటి పట్టీ మీద అంచులు బాగా మెత్తగా ఉన్న విండో గీసి, గెయిన్ పెంచాను. అన్నిటికీ ఒకే మొత్తం కలిపే ఆఫ్‌సెట్ కాదు, గుణించే గెయినే. ట్యూబు వెలుగు తగ్గటమంటే బొమ్మను ఒక సంఖ్యతో గుణించి తగ్గించినట్టు. ఆఫ్‌సెట్ పెంచితే నల్లజుట్టు బూడిదరంగుకు తిరుగుతుంది. నీలం గెయిన్ ఇంకాస్త ఎక్కువ పెంచాలి. ట్యూబులో పూసిన పొడుల్లో నీలం ఇచ్చేది ముందు ఆరిపోతుంది, అందుకే ఆ పట్టీ నల్లగా కాక గోధుమరంగులో ఉంటుంది.

అయిపోయిందనుకున్నాను. పది సెకన్లు ప్లే చేశాక విండో ఒక చోట, పట్టీ ఇంకో చోట. నిలబడ్డాయనుకున్న పట్టీలు నత్తల్లా పాకుతున్నాయి. కారణం మన గ్రిడ్డే. కరెంటు ఎప్పుడూ ఖచ్చితంగా 50 దగ్గర ఉండదు, 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలని నియమం. 49.95 ఉందనుకోండి, వెలుగు అలలు సెకనుకు 99.9. కెమెరాతో పోలిస్తే సెకనుకు అలలో పదో వంతు వెనకబడతాయి, కాబట్టి పది సెకన్లలో పట్టీ తన కింది పట్టీ ఉన్న చోటికి దిగుతుంది. 50 దాటితే పైకెక్కుతుంది. ఈ ఎక్కుడు దిగుడు కోసం రెండేసి సెకన్లకు విండో చోటు మారుస్తూ ఒక కీఫ్రేము పెట్టుకుంటూ పోయాను. రెండు గంటలూ చేయలేదు లెండి, ఆల్బమ్ వీడియోకు కావలసిన పదకొండు నిమిషాలకే నాలుగు రాత్రులు పట్టింది.

అందులో ఒక తమాషా ఉంది. మధ్యలో కరెంటు పోయి జనరేటరు వేశారు. అక్కడినుంచి పట్టీలు చకచకా పైకి దొర్లటం మొదలుపెట్టాయి. లెక్కపెడితే ఒక పట్టీ పై పట్టీ చోటికి చేరడానికి పన్నెండు పదమూడు ఫ్రేములు పడుతోంది. సెకనుకు రెండుసార్లన్నమాట, అంటే వెలుగు 102 సార్లు, జనరేటరు 51 హెర్ట్జ్ దగ్గర తిరుగుతోంది. ఆ ముక్క మీద Deflicker వేస్తే పూర్తిగా కాకపోయినా సగానికి పైగా శుభ్రమైంది. కరెంటు ఉన్న భాగం కంటే కరెంటు పోయిన భాగం బాగా వచ్చిన వీడియో నా జీవితంలో అదొక్కటే.

తలంబ్రాల సంగతి కూడా సవరించి చెప్పాలి. మొదట్లో గోడ, మొహాలే చూసి మురిసిపోయాను. తర్వాత ఆపి చూస్తే గింజలు కొన్నిచోట్ల తోకలు పెట్టుకున్నాయి. ఈ ఎఫెక్టుకు గాల్లో తళుక్కుమన్న గింజా మినుకే, పట్టుచీర జరీ మెరుపూ మినుకే. కింద Detail to Restore అనే మీట ఉంది, అది పెంచితే జరీ చాలావరకు తిరిగొస్తుంది. గింజలకు అంత గుణం కనపడలేదు. అందుకని ఇప్పుడు 120 మానేసి, కెమెరాలో 100 ఫ్రేములున్న చోట అదే పెడుతున్నాను. 100లో షట్టరు 1/100 పెడితే ఒక అల సరిగ్గా ఇముడుతుంది, పట్టీయే పడదు. ఎఫెక్టు అవసరమే లేకుండా పోయింది.

డబ్బు పెట్టలేనివాళ్ళకు 30 ఫ్రేముల ఫోను క్లిప్పులకైతే ffmpeg అనే ఉచిత ప్రోగ్రాములో ఈ ఒక్క లైను చాలు:

```
ffmpeg -i in.mp4 -vf tmix=frames=3 -c:a copy out.mp4
```

మూడేసి ఫ్రేములను కలిపి సగటు తీస్తుంది, పట్టీ మూడు చోట్లా ఉంటుంది కాబట్టి పరస్పరం కొట్టుకుపోతాయి. మనిషి చెయ్యి ఊపితే మాత్రం మూడు చేతులు కనపడతాయి. కూర్చుని మాట్లాడేవాళ్ళకు పనికొస్తుంది, డాన్సులకు పనికిరాదు.

వేదిక వెనక ఎల్‌ఈడీ తెర విషయంలో నాకు ఏ ఆశా లేదు. అక్కడి సన్నగీతలకు మన కరెంటుతో సంబంధం లేదు, తెర తన లెక్కలో తాను మినుకుతుంది. సెకనుకు 1920 సార్లు మినికే తెరను 1/50లో తీస్తే ఒక్కో వరుసకు 38 మినుకులు పడతాయి, ఒకటి అటూ ఇటూ అయినా కంటికి ఆనదు. 1/1000లో రెండే పడతాయి, అందులో ఒకటి తప్పితే సగం వెలుగు పోయినట్టు. కళ్ళకు కొడుతోందని తెర అబ్బాయిని వెలుగు బాగా తగ్గించమంటే మామూలుగా గీతలు ఇంకా పెరుగుతాయి, ఎందుకంటే ఒక్కో మినుకులో వెలిగే సమయమే తగ్గిపోతుంది. నేనైతే తెరను ఓ మోస్తరుగా ఉంచమని, షట్టరు 1/50 దాటకుండా చూసుకుంటున్నాను. ఎఫెక్టుతో ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. గీతలు మసకబారాయి, తెర మీద పేర్లు కూడా మసకబారాయి.

కొనాలా అంటే, నా సంగతి వేరు. రంగులు దిద్దే పనికి స్టూడియో నాకు ఎలాగూ కావాలి, నెలకు నాలుగైదు పెళ్ళిళ్ళుంటాయి, ప్రతి పెళ్ళికీ బంధువుల ఫోను క్లిప్పులు పదో ఇరవయ్యో వచ్చి పడతాయి. వాటిమీద ఈ ఎఫెక్టు ఇప్పటికీ వారానికి రెండుసార్లైనా వాడతాను, తిట్టుకోకుండా వాడతాను. మీరు అన్నీ 25లో, 1/50లో తీసేవాళ్ళయితే దీని మొహం చూసే అవసరమే తక్కువ. ఎప్పుడైనా మా కుర్రాడిలా షట్టరు మరిచిపోతే ఆ రోజు ఇది మిమ్మల్ని ఆదుకోదు. ఒంగోలు పెళ్ళికూతురి తండ్రి చివరికి మిగతా డబ్బు ఇచ్చాడు, వెయ్యి తగ్గించి.