తేదీల గొడవ ముగించడానికి ఏది మేలు: "అందరికీ ఓకేనా?" అనడమా, పోల్ పెట్టడమా, "ఇదీ ఖాయం" అని రాసేయడమా?

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో తొమ్మిది మందిమి. అందరం ఒకపూట కలుద్దామని మొదలైన మాట ఆరు రోజులైనా తేలలేదు. 14 ఆదివారం అన్నాం, బావకి ఆఫీసు పని. 20 శనివారం అన్నాం, అన్నయ్యకీ వదినకీ ఆ రోజు డ్యూటీ. 21 ఆదివారం అన్నాం, తమ్ముడికి మర్నాడు పొద్దున్నే పరీక్ష. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు తెగ్గొట్టాలి. దానికి మూడు దారులున్నాయి, మేం మూడూ తొక్కి చూశాం.

మొదటిది మా చిన్నక్క చేసింది. "అయితే 21 అనుకుందామా? అందరికీ ఓకేనా?" అని పెట్టింది. మర్యాదగా ఉంది, కానీ గొడవ మళ్లీ మొదలవడానికి ఇంతకంటే మంచి మాట లేదు. ఓకేనా అని అడిగాక తొమ్మిది ఓకేలు రావాలి కదా, నలుగురు బొటనవేలు చూపించారు, ఇద్దరు చదివి ఊరుకున్నారు, తమ్ముడు మాత్రం "20 అయితే నాకు ఇంకా బాగుంటుంది" అన్నాడు, అంతే, మళ్లీ 20 మీద నలభై మెసేజీలు. తప్పు వాడిది కాదు. అడిగితే చెప్పాడు.

రెండోది పోల్. 14, 20, 21 మూడూ పెట్టి, ఒకరు ఎన్నైనా టిక్ చేయొచ్చన్నాం. 20కి ఐదు, 21కి ఐదు! ఎవరెవరు వేశారో విప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. బావ తనకు వీలైనవన్నీ టిక్ చేశాడు, పెద్దక్క మాత్రం తనకు నచ్చిన 20 ఒక్కటే టిక్ చేసింది. ఫోన్ చేసి అడిగితే, "21 అయినా పర్లేదురా, శనివారమైతే ఆదివారం కాస్త నడుం వాల్చొచ్చని అలా వేశాను" అంది. అంటే ఒకే టిక్కుకి ఒకరి దగ్గర 'రాగలను' అని అర్థం, ఇంకొకరి దగ్గర 'ఇదే నాకిష్టం' అని. పైగా కలిసేది పెద్దక్క ఇంట్లో. ఆమె లేకపోతే మిగతా అందరూ వచ్చినా తలుపు తీసేవాళ్లుండరు, ఆ సంగతి పోల్‌కి తెలియదు, దానికి అందరి ఓటూ ఒకటే. అందుకని పోల్ మొదట్లో, తేదీలు ఇంకా తెరిచి ఉన్నప్పుడు పనికొస్తుంది, అదీ "వీలయ్యేవన్నీ టిక్ చేయండి, ఇష్టమైనవి కాదు" అని పైన రాసి పెడితేనే. వాదన ముదిరాక పోల్ పెడితే అది ఇంకో వాదన అవుతుంది.

మూడోది నాకు నచ్చినది. అడగకుండా, తేలినదాన్ని తేలినట్టు రాసేయడం. నేను రాసింది ఇది (పేర్లకి బదులు వరసలు పెట్టాను):

"కలిసేది 21 ఆదివారం, పెద్దక్క ఇంట్లో. ఉదయం 11కి రావాలి, భోజనం 1కి, సాయంత్రం 5కి బయల్దేరొచ్చు.
వస్తున్నవాళ్లు: పెద్దక్క, బావ, చిన్నక్క, అన్నయ్య, వదిన, నేను.
రాలేనివాళ్లు: తమ్ముడు (పరీక్ష).
ఇంకా చెప్పనివాళ్లు: బాబాయ్, పిన్ని.
ఇందులో ఏదైనా తప్పుంటే రేపు బుధవారం రాత్రి 9 లోపు చెప్పండి. లేకపోతే ఇదే."

చివరి వాక్యం చూడండి. ఒప్పుకోమని అడగలేదు, తప్పుంటే చెప్పమన్నాను. అప్పుడు మాట్లాడాల్సింది అభ్యంతరం ఉన్నవాళ్లే, మిగతావాళ్లు ఊరుకుంటే చాలు. అయితే ఆ మౌనం తేదీకి ఒప్పుకున్నట్టే గానీ వస్తామన్నట్టు కాదు. అందుకే బాబాయ్‌నీ పిన్నినీ వస్తున్నవాళ్లలో కలిపేయకుండా విడిగా ఉంచి, ఫోన్ చేశాను. గ్రూపులో పేరు పెట్టి పిలిచినా పలకనివాళ్లు ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.

రాలేనివాళ్ల పేరు రాయడం కొందరికి మొహమాటం. నా లెక్కలో ఆ వరసే అన్నిటికంటే ముఖ్యం. తమ్ముడి పేరు ఎక్కడా లేకపోతే "నేను రానన్నాను కదా, చూడలేదా?" అని వాడు మళ్లీ వస్తాడు, లేదా వాడి తరఫున పిన్ని వస్తుంది. రాశామంటే, వాడి మాట విన్నాం, అయినా తేదీ ఇదే అని చెప్పినట్టు. కానీ అది గ్రూపులోనే మొదటిసారి చదవాల్సి వస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది కాబట్టి, పెట్టేముందు వాడికి విడిగా "21 అవుతోందిరా, నిన్ను రాలేనివాళ్లలో రాయనా?" అని అడిగాను. ఇక ఎవరు రాయాలి అంటారా, తన తేదీ నెగ్గినవాళ్లు మాత్రం వద్దు. 14 కోసం పట్టుబట్టింది నేనే, అందుకే 21 అని నేను రాస్తే ఎవరికీ అనుమానం రాలేదు.

రాసేముందు చేయాల్సిన పని ఒకటుంది, విసుగ్గా ఉంటుంది. పైకి జరుపుకుంటూ వెళ్లి ఒక్కొక్కరి చివరి మాట పట్టుకోవాలి. మొదటి మాట కాదు. బావ సోమవారం 14కి సరేనన్నాడు, బుధవారం కాదన్నాడు. సోమవారం మాట పట్టుకుని రాసి ఉంటే "ఇదెవరు తేల్చారు?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న ఇద్దరి నుంచి వచ్చిందంటే మీరు తొందరపడ్డట్టే, ఇంకా తేలనిదాన్ని తేలిందని రాశారు, వెనక్కి తీసుకోండి.

మాటల దగ్గరా జాగ్రత్త పడాలి. "ఎల్లుండి" అని రాత్రి 11:40కి పెడితే పొద్దున చదివినవాళ్లకి అది ఒక రోజు జరుగుతుంది. "వచ్చే ఆదివారం" అంటే కొందరికి ఈ వారంది, కొందరికి పై వారంది. తేదీ, వారం రెండూ రాస్తే ఒకదాంట్లో పొరపాటున్నా రెండోది పట్టిస్తుంది. కారణాలు మాత్రం రాయొద్దు, "మెజారిటీ ప్రకారం" లాంటి మాటలసలే వద్దు. పరీక్ష అన్నది కూడా వాడే రాయమన్నాడు కాబట్టి రాశాను.

పెట్టాక పిన్ చేయండి. వాట్సాప్‌లో 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని ఉంటాయి, కలిసే రోజు దాటే దాన్ని ఎంచుకోండి. నేను ఒకసారి 24 గంటలు పెట్టి, మూడో రోజు నుంచి "ఇంతకీ ఎన్నింటికి?" అన్న ప్రశ్నకి రోజూ జవాబు చెప్పుకున్నాను. తర్వాత ఏదైనా మారితే "11 కాదు 12" అని చిన్న ముక్క పెట్టొద్దు, అది చూసినవాళ్లు కొందరు, చూడనివాళ్లు కొందరు అవుతారు. పంపిన 15 నిమిషాలు దాటితే పాతది దిద్దడమూ కుదరదు. మొత్తం మెసేజీ మళ్లీ రాసి, పైన "11 బదులు 12కి మారింది" అని పెట్టి, పాత పిన్ తీసేసి కొత్తది పిన్ చేయాలి.

మూడో దారి పని చేయని చోటూ ఉంది. వస్తున్నవాళ్ల వరసలో ముగ్గురే తేలి, చెప్పనివాళ్లలో ఐదుగురు మిగిలారనుకోండి, అప్పుడు తేలిందేమీ లేదు, ఎంత పద్ధతిగా రాసినా. ఆ ఐదుగురికీ ముందు ఫోన్లు చేయాలి. మా బాబాయ్ మాత్రం బుధవారం రాత్రి 8:50కి "మేమిద్దరం వస్తున్నాం, కానీ 14 అయితే బాగుండేది" అని పెట్టారు. ఎవరూ జవాబివ్వలేదు. నేను పేర్ల వరస మార్చి మళ్లీ పిన్ చేశాను.